తిరిగి వచ్చే పేరా: గోదావరి డెల్టా ధాన్యం కొనుగోళ్ల ఆడిట్‌లో మూలకారణం వెతికే తీరు

(రాజమహేంద్రవరంలో చేసిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి పేరు మీద జరుగుతోందో ఆ పెద్దాయన గురించి అధ్యక్షులవారు ఇప్పటికే చెప్పారు. నేను ఒక్క మాటే కలుపుతాను. డెల్టా సహకార సంఘాల లెక్కలు తనిఖీ చేయడానికి వెళ్లినప్పుడు ఆయన ముందు ఆ ఏటి రిజిస్టర్లు అడిగేవారు కాదు. గత మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు తెప్పించుకుని, ఏ పేరా మళ్లీ మళ్లీ వచ్చిందో ఎర్ర పెన్సిలుతో గీత గీసుకునేవారు. ఒకసారి వచ్చిన తప్పు ఆ సంఘం గురించి చెబుతుంది, మూడుసార్లు వచ్చిన తప్పు మన రిపోర్టు గురించి కూడా చెబుతుంది అన్నది ఆయన అభిప్రాయం. ఈ పూట నేను మాట్లాడబోయేది ఆ ఎర్ర గీత పడిన పేరాల గురించే.

పేరా ఎందుకు తిరిగి వస్తుంది

మన శాఖల్లో ఒక పేరా బతుకు ఎలా సాగుతుందో మీకందరికీ తెలుసు. ఆడిటర్ ఒక లోపం రాస్తాడు. కింది ఆఫీసు నుంచి జవాబు వస్తుంది: లోపాన్ని గమనించాం, సిబ్బందికి తగిన ఆదేశాలిచ్చాం, ఇకమీదట పునరావృతం కాకుండా చూస్తాం. జవాబుతో పాటు ఒక సర్క్యులర్ నకలు ఉంటుంది. పేరా డ్రాప్ అవుతుంది. మరుసటి సీజనులో అదే లోపం, అదే జవాబు, కొత్త తేదీతో మరో సర్క్యులర్.

ఆ పేరాలో కారణం అని రాసే చోట సాధారణంగా కనిపించే మాటలు మూడు: నిర్లక్ష్యం, పర్యవేక్షణ లోపం, అవగాహన లేమి. ఈ మూడూ తప్పని అనను. కానీ ఒక పని చేసి చూడండి. ఈ మూడేళ్లలో ఆ కేంద్రంలో ఎవరెవరు పనిచేశారో జాబితా తీయండి. మనుషులు మారి, పైన పర్యవేక్షించేవాళ్లు మారి, శిక్షణ తరగతులు జరిగి, లోపం మాత్రం మారలేదంటే, కారణం మారినవాటిలో లేదు. మారనివాటిలో ఉంది. కాలవగట్టుకి ఏటా ఒకే చోట గండి పడుతోంటే లస్కరుని బదిలీ చేసి ఊరుకోం కదా, గట్టు కింద ఏముందో తవ్వి చూస్తాం.

అంతర్జాతీయ అంతర్గత ఆడిటర్ల సంస్థ 2024లో ప్రకటించి 2025 జనవరి 9 నుంచి అమల్లోకి తెచ్చిన కొత్త ప్రమాణాల్లో, వీలున్నంత మేరకు యాజమాన్యంతో కలిసి మూలకారణం గుర్తించాలని ఆడిటర్‌కి స్పష్టంగానే చెప్పారు. ఎలా గుర్తించాలన్నది మాత్రం చేసే పనిలోనే తెలుస్తుంది. అందుకని మన డెల్టాలో అన్నిటికన్నా పెద్ద ప్రభుత్వ కొనుగోలునే తీసుకుంటాను. అది ధాన్యం. అందులోనూ ఒకే ఒక తనిఖీ: తేమ.

ధాన్యం ఎవరు కొంటారన్నది మారింది

ముందు కొంచెం వెనక్కి వెళ్లాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చాలాకాలం నడిచింది లెవీ పద్ధతి. మిల్లరే రైతు దగ్గర ధాన్యం కొని, ఆడించి, బియ్యంలో 75 శాతం దాకా ప్రభుత్వ ధరకి అప్పజెప్పేవాడు. కేంద్రం 2014 అక్టోబరు సీజను నుంచి ఆ లెవీని 25 శాతానికి తగ్గించి, 2015 అక్టోబరు 1 నుంచి పూర్తిగా ఎత్తేసింది. ఆ తర్వాత ప్రభుత్వమే రైతు దగ్గర ధాన్యం కొని, మిల్లుకి ఇచ్చి ఆడించుకోవడం ప్రధాన మార్గమైంది. ప్రాథమిక సహకార సంఘాలు, వెలుగు మహిళా సంఘాలు కొనుగోలు కేంద్రాలు నడిపాయి. 2020లో రైతు భరోసా కేంద్రాలు వచ్చాయి. 2024 నుంచి అవే రైతు సేవా కేంద్రాలయ్యాయి.

మన విషయానికి ఈ మార్పు ఎందుకు ముఖ్యమో చెబుతాను. లెవీ కాలంలో ప్రభుత్వ తనిఖీ బియ్యం దగ్గర జరిగేది. గోదాములో నాణ్యత చూసే ఉద్యోగికి బియ్యం చేరేసరికి అది ఆరిపోయే ఉండేది. ధాన్యం పచ్చిగా ఉందా, ఎంత తరుగు తీశారు అన్న పేచీ రైతుకీ మిల్లరుకీ మధ్య కల్లంలోనే తేలిపోయేది, ఏ సర్కారు రిజిస్టరుకీ ఎక్కేది కాదు. లెవీ పోయాక ఆ పాత పేచీ ప్రభుత్వ రికార్డు లోపలికి వచ్చి కూర్చుంది. ఆడిటర్ కంటికి ఇది కొత్త లోపంలా కనబడుతుంది. నిజానికి తరుగు పాతది, దాన్ని రాయాల్సిన పుస్తకమే కొత్తది. ఏది ఎప్పుడు మారింది, దానితో పాటు ఏ లోపం ఎప్పుడు కనబడడం మొదలైంది అని రెండు వరసలు పక్కపక్కన రాసుకోవడమే మార్పు విశ్లేషణ. మూలకారణం వెతకడంలో ఇది అతి చవకైన పద్ధతి, అతి తక్కువగా వాడేది కూడా.

కాగ్ 2015లో కేంద్ర నిల్వల కోసం జరిగే ధాన్యం సేకరణ, మిల్లింగు మీద 31వ నంబరు నివేదిక ఇచ్చింది. మద్దతు ధర నిజంగా రైతుకే చేరిందని రుజువు లేకపోవడం, మిల్లర్లు బియ్యం బకాయి పడడం, తవుడు లాంటి ఉప ఉత్పత్తుల విలువ మిల్లర్ల దగ్గరే ఉండిపోవడం అందులో ప్రధానమైనవి. అన్నీ పెద్ద విషయాలే. నేను తేమనే ఎంచుకోవడానికి కారణం, అది చిన్నదిగా కనిపిస్తూ మిగతావాటి కింద పునాదిలా ఉండడం.

ఒక కేంద్రం, ఒక రిజిస్టరు

ఇప్పుడు ఒక కేంద్రాన్ని ఊహించుకుందాం. ఇది ఫలానా ఊరు కాదు, పశ్చిమ డెల్టాలోనో కోనసీమలోనో ఎక్కడైనా ఉండగలిగింది. సార్వా సీజను, నవంబరు మూడో వారం. మద్దతు ధరకి ధాన్యం కొనాలంటే తేమ 17 శాతం మించకూడదన్నది కేంద్ర ప్రభుత్వం పెట్టిన నాణ్యతా ప్రమాణం. కేంద్రంలో తేమ మీటరు ఉంది, రిజిస్టరు ఉంది, టెక్నికల్ అసిస్టెంట్ ఉన్నాడు. రిజిస్టరులో మూడు వందల లాట్లు నమోదయ్యాయి.

ఆడిటర్ ఆ తేమ గడిని పైనుంచి కిందికి చదువుతాడు: 16.8, 17.0, 16.9, 17.0, 16.7, 17.0. అన్నీ పరిమితి లోపలే ఉన్నాయి కాబట్టి మామూలుగా ముందుకి వెళ్లిపోతాడు. అనుభవం ఉన్నవాడు అక్కడే ఆగుతాడు. వేర్వేరు చేలల్లో, వేర్వేరు రోజుల్లో కోసిన ధాన్యానికి తేమ ఇంత దగ్గర దగ్గరగా ఉండదు. 14 ఉండాలి, 16 ఉండాలి, 19 ఉండి వెనక్కి పంపినవి కొన్ని ఉండాలి. మూడు వందల లాట్లలో ఒక్కటి కూడా తిరస్కరించలేదంటే, ఒక్క రైతుని కూడా "ఆరబెట్టి రేపు తీసుకురా" అనలేదంటే, ఆ మీటరు కొలిచింది ధాన్యాన్ని కాదు, నిబంధనని.

ఇంకో రెండు గీతలు గీయాలి. వాన పడిన రోజుల రీడింగులు ఒక వైపు, ఎండ కాసిన రోజులవి మరో వైపు. రెండూ ఒకేలా ఉంటే అనుమానం బలపడుతుంది. తర్వాత కేంద్రం రాసిన రీడింగు, అదే లారీకి మిల్లులో తీసిన రీడింగు. మిల్లువాళ్లు ఏ అధికారిక కాగితం మీదా రాసుకోకపోవచ్చు. అక్కడి గుమాస్తా దగ్గర ఉండే చిన్న నోటుబుక్కు చూపించమని అడగాలి. చాలాసార్లు అసలు లెక్క అందులోనే దొరుకుతుంది.

ఇంతవరకూ చేసింది లోపాన్ని సరిగ్గా వర్ణించడమే. "తేమ పరీక్షలు సక్రమంగా నిర్వహించలేదు" అని రాస్తే దాని నుంచి ఏ కారణమూ బయటికి రాదు. "సార్వాలో నమోదైన రీడింగులన్నీ 16.5కీ 17కీ మధ్యే ఉన్నాయి, తిరస్కరణలు లేవు, వాన రోజులకీ ఎండ రోజులకీ తేడా లేదు" అని రాస్తే ప్రశ్న తనంతట తానే మొదలవుతుంది.

బస్తా లెక్క

కారణం వైపు వెళ్లేముందు చిన్న లెక్క చేయాలి. ఇది తెలియకపోతే ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియదు.

మన దగ్గర ధాన్యం లెక్క 75 కిలోల బస్తా. 17 శాతం తేమ ఉన్న 75 కిలోల్లో నీరు తీసేస్తే మిగిలే గింజ పదార్థం 62.25 కిలోలు. అదే పదార్థం 22 శాతం తేమతో వస్తే ఎంత తూగుతుంది? 62.25ని 0.78తో భాగిస్తే సుమారు 79.8 కిలోలు. అంటే కోత మిషను నుంచి నేరుగా వచ్చిన పచ్చి ధాన్యం 79.8 కిలోలు కాటా వేస్తేనే ఆరిన 75 కిలోలకి సమానం. ఈ 4.8 కిలోలు ఎవరూ దోచుకున్నవి కావు. అవి నీళ్లు.

కాటా దగ్గర 82 కిలోలు తీసుకున్నారనుకుందాం. 79.8 పోగా మిగిలిన 2.2 కిలోలు రైతు అదనంగా ఇచ్చినవి. 17 శాతానికి మారిస్తే 2 కిలోల పైచిలుకు. 2025-26 సీజనుకి సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకి 2,369 రూపాయలు కాబట్టి బస్తాకి సుమారు 49 రూపాయలు. రైతు ఫిర్యాదు 7 కిలోల తరుగు మీద ఉంటుంది. మిల్లరు జవాబు అదంతా నీళ్లే అని ఉంటుంది. ఇద్దరూ సగం సగం నిజమే చెబుతున్నారు. కానీ రిజిస్టరులో ఉన్నది 75 కిలోలు, 17 శాతం మాత్రమే. 22 అన్న అంకె ఎక్కడా లేదు కాబట్టి ఏ సగం ఎంతో ఎవరూ తేల్చలేరు.

మిల్లరు వైపు నుంచి కూడా చూడండి. పచ్చి బియ్యమైతే 100 కిలోల ధాన్యానికి 67 కిలోలు అతను ప్రభుత్వానికి అప్పజెప్పాలి. 22 శాతం తేమతో వచ్చిన 100 కిలోలు ఆరి 17కి దిగితే 94 కిలోలే. దాని మీద 67 శాతం అంటే 63. నాలుగు కిలోల బియ్యం ఎక్కడి నుంచి తేవాలి? కాగితం మీద అతనికి అందింది 17 శాతం ధాన్యమే కాబట్టి అడిగే హక్కు లేదు. కాబట్టి కాటా దగ్గరే తీసుకుంటాడు, కొంచెం భద్రత కోసం ఎక్కువే తీసుకుంటాడు. తరుగు అనేది ఒక మనిషి దురాశతో పుట్టింది కాదు, రెండు నిబంధనల మధ్య ఖాళీలో పుట్టింది. దురాశ ఆ ఖాళీలోకి తర్వాత వచ్చి చేరింది.

ఎక్కడ ఉంది, ఎక్కడ లేదు

చార్లెస్ కెప్నర్, బెంజమిన్ ట్రెగో అనే ఇద్దరు అమెరికన్లు 1965లో వచ్చిన తమ పుస్తకంలో ఒక పద్ధతిని స్థిరపరిచారు. సమస్య ఎక్కడ ఉందో రాసుకోవడంతో ఆగకుండా, ఉండాల్సి ఉండి కూడా ఎక్కడ లేదో రాయమన్నారు. అసలు కారణం ఈ రెండు జాబితాలకీ ఒకేసారి సరిపోవాలి. ఆడిటర్‌కి ఇంతకన్నా పదునైన పనిముట్టు లేదనుకుంటాను.

మన కేంద్రానికి దీన్ని అన్వయిద్దాం. అదే కేంద్రం, అదే ఉద్యోగి, అదే మీటరు. సార్వా రిజిస్టరు పక్కన దాళ్వా రిజిస్టరు పెట్టండి. వాన పడని ఏప్రిల్ రోజులనే ఎంచుకోండి. ఆ ఎండలకి కోసిన గింజ త్వరగా ఆరిపోతుంది. ఆ రీడింగులు 13.4, 15.9, 14.7, 16.2 అని చెల్లాచెదురుగా, సహజంగా ఉన్నాయనుకోండి. అప్పుడు నిర్లక్ష్యం అన్న కారణం అక్కడికక్కడే పడిపోతుంది. నవంబరులో నిర్లక్ష్యంగా ఉన్న మనిషి ఏప్రిల్లో శ్రద్ధాపరుడు అయిపోడు. అవగాహన లేమి కూడా పడిపోతుంది, ఎందుకంటే మీటరు వాడడం అతనికి వచ్చు. మిగిలేది ఒక్కటే: సార్వాలో ఆ నిబంధన ప్రకారం నడవడం అతని చేతుల్లో లేదు.

ఇదే పరీక్ష ఇంకో పెద్ద పని కూడా చేస్తుంది. ఏప్రిల్ రీడింగులు కూడా నవంబరువాటిలాగే 17 పక్కన పేర్చినట్టు ఉన్నాయనుకోండి. అప్పుడు తేమ సమస్య కాదు. ఆ కేంద్రంలో ధాన్యమే రాకుండా కొనుగోలు రాస్తున్నారేమో అన్న అనుమానం రావాలి. పంట వేయని భూమి మీద, సాగు చేయని మనిషి పేరు మీద బిల్లు చేసి, రేషను బియ్యాన్నో పాత నిల్వనో చుట్టూ తిప్పితే, అక్కడ ధాన్యం లేదు కాబట్టి రీడింగుకి ఋతువులతో పనిలేదు. అప్పుడు వెళ్లాల్సిన దారి వేరు: ఈ-క్రాప్ నమోదు, ట్రక్ షీటు మీది లారీ నంబరు, వేబ్రిడ్జి చీటీ, గోనె సంచుల నిల్వ, మిల్లులో సరుకు లెక్క. అది మూలకారణ విశ్లేషణ పని కాదు, విచారణ పని. ఒకే లక్షణానికి రెండు వేర్లు ఉండొచ్చు. వాటిని విడదీయకుండా అందరికీ ఒకే శిక్షణ తరగతి పెడితే దొంగకి మరింత చక్కగా రాయడం నేర్పినట్టవుతుంది.

ఐదు ఎందుకులు, మధ్యలో చీలిక

ఇప్పుడు అందరికీ తెలిసిన పద్ధతికి వద్దాం. సకిచి టొయోడా పేరుతో ప్రచారంలో ఉండి, టొయోటా కార్ఖానాల్లో తైచీ ఓనో పాదుకొల్పిన ఐదు ఎందుకుల పద్ధతి. మన కేసులో అడిగి చూద్దాం.

రీడింగు 17 అని ఎందుకు రాశారు? నిజం రాస్తే కంప్యూటరు తీసుకోదు, రైతుకి డబ్బు పడదు. నిజం ఎందుకు 17 దాటింది? ధాన్యం పచ్చిగా వచ్చింది. ఎందుకు పచ్చిగా వచ్చింది? మిషనుతో కోశారు. కొడవలితో కోసే రోజుల్లో పనలు చేలో ఆరేవి, తర్వాత కుప్ప వేసి, తీరిగ్గా నూర్చేవారు. ఇప్పుడు కోత, నూర్పిడి ఒక్క గంటలో అయిపోతాయి. గింజ ఆరే ఆ మధ్యకాలమే మాయమైంది. రైతు ఎందుకు ఆరబెట్టడు? కల్లం లేదు, రోడ్డు పక్కన బరకాలు పరవాలి, వాటికి అద్దె, తిరగేసేందుకు కూలీ, ఆకాశంలో తుపాను భయం. సార్వా కోత తుపాను నెలల్లోనే ఎందుకు పడుతుంది? ఊడ్పులు ఆలస్యమయ్యాయి, మురుగు కాలవలు లాగక చేలు మునిగాయి.

ఐదో ప్రశ్నకి వచ్చేసరికి మనం డ్రైనేజీ శాఖ గుమ్మంలో ఉన్నాం. 2011లో కోనసీమ రైతులు సార్వాకి పంట విరామం ప్రకటించినప్పుడు ముంపు సమస్య కూడా చర్చకి వచ్చింది, కాబట్టి ఈ గొలుసు అబద్ధం కాదు. కానీ ధాన్యం కొనుగోలు ఆడిట్ రిపోర్టులో "మురుగు కాలవలు బాగు చేయాలి" అని రాస్తే దానికి జవాబిచ్చేవాడు ఉండడు. ఐదు అన్న అంకెలో మహిమ ఏమీ లేదు. ఈ రిపోర్టు అందుకునేవాళ్లలో ఎవరో ఒకరికి మార్చే అధికారం ఉన్న మెట్టు దగ్గర ఆగాలి. దాని కన్నా పైన ఆగితే మనిషి మీద నింద, దాని కన్నా కిందికి పోతే వాతావరణం మీద వ్యాసం.

రెండో ప్రమాదం ఇంకా ముఖ్యమైంది. ఈ పద్ధతి ఒకే గొలుసు పట్టుకుని పోతుంది. నిజానికి మొదటి జవాబు దగ్గరే దారి చీలింది. ధాన్యం పచ్చిగా రావడం ఒక దారి. పచ్చిగా వచ్చిందని రాయడానికి చోటు లేకపోవడం రెండో దారి. మొదటిది పొలం నుంచి వచ్చింది, రెండోది మనం తయారు చేసిన ఫారం నుంచి వచ్చింది. ఫారంలో తేమకి ఒకే గడి ఉంది. అందులో వచ్చినప్పటి తేమ రాయాలా, ఒప్పుకున్నప్పటి తేమ రాయాలా అని ఎక్కడా లేదు. 17 దాటితే ఆ గడి ముందుకు పోనివ్వదు. నిజం చెప్పినవాడి పని ఆగిపోయేలా కట్టిన గడిలో నిజం ఉండదు. పొలం కారణాన్ని మార్చడానికి ఏళ్లు పడుతుంది. ఫారం కారణాన్ని వచ్చే సీజనుకే మార్చవచ్చు.

ఒకే అంకె మీద మూడు తనిఖీలు

పై అధికారులు తరచుగా చెప్పే మాట ఒకటుంది: మా దగ్గర ఒకటి కాదు, మూడు తనిఖీలున్నాయి, ఇవన్నీ దాటి తప్పు ఎలా జరుగుతుంది? కేంద్రంలో నాణ్యత పరీక్ష, కాటా దగ్గర తూకం, మిల్లులో దిగుమతి రసీదు. వీటిని ఒక్కొక్కటిగా ఆడిట్ చేస్తే మూడూ సరిగ్గా ఉన్నట్టే కనిపిస్తాయి, కాగితాలు ఒకదానితో ఒకటి అచ్చంగా సరిపోతాయి.

ఇక్కడ చేయాల్సింది అడ్డుగోడల విశ్లేషణ. ప్రతి తనిఖీకీ ఒక ప్రశ్న: ఇది స్వతంత్రంగా కొలుస్తోందా, ముందు తనిఖీ చెప్పిన అంకెని తిరిగి రాస్తోందా? తూకం చీటీ మీద 75 ఎందుకు ఉంది? తేమ 17 అని ముందే రాసేశారు కాబట్టి. మిల్లు రసీదు మీద 75 ఎందుకు ఉంది? తూకం చీటీ మీద ఉంది కాబట్టి. మూడు గోడలు కట్టామనుకున్నాం. కట్టింది ఒకటే గోడ, మిగతా రెండూ దాని నీడలు. కాటా మీద నిజంగా లేచిన 82 ఈ మూడింటిలో ఏ కాగితం మీదా లేదు.

దీన్ని ఆఫీసులో కూర్చుని కనిపెట్టలేం. కాటా దగ్గరికి వెళ్లి, "ఎందుకిలా చేశారు" అని కాకుండా "ఒక బస్తా ఎలా పట్టుకుంటారో మొదటి నుంచి చూపించండి" అని అడగాలి. మొదటి ప్రశ్నకి సంజాయిషీ వస్తుంది, రెండోదానికి పద్ధతి బయటపడుతుంది. హమాలీ మేస్త్రి, లారీ డ్రైవరు మనకి జవాబుదారీ కాదు కాబట్టి, వాళ్లు చెప్పేదే ఎక్కువగా పనికొస్తుంది. కాటా రాయి ఎంతకి పెట్టారో హమాలీకి తెలుసు, ఏ లారీ మిల్లు గేటు దగ్గర ఎన్ని గంటలు ఆగిందో డ్రైవరుకి తెలుసు. ఆ ఆగిన గంటల్లోనే తరుగు బేరం జరుగుతుంది. లారీ కిరాయి, వాన భయం రెండూ రైతు మీదే ఉంటాయి కాబట్టి బేరంలో అతనే దిగివస్తాడు.

విరుగుడు ఏమిటి, పనిచేసిందని తెలిసేదెలా

ఇంతవరకూ దొరికిన కారణం ఒక వాక్యంలో: సార్వాలో వచ్చే ధాన్యంలో ఎక్కువ భాగం పాటించలేని 17 శాతం గీతని, నిజం రాస్తే ముందుకు పోనివ్వని ఒకే గడితో అమలు చేస్తున్నాం, మిగతా తనిఖీలన్నీ ఆ గడి నుంచే ఎత్తి రాస్తున్నాం.

కారణం ఇలా రాశాక విరుగుళ్లు వాటంతట అవే విడిపోతాయి. ఫారంలో రెండు గడులు పెట్టాలి, వచ్చినప్పటి తేమ, ఒప్పుకున్నప్పటి తేమ. కాటా మీద లేచిన బరువు వేరుగా, లెక్కలోకి తీసుకున్న బరువు వేరుగా రాయాలి. ఏ తేమకి ఎంత బరువు 75కి సమానమో పట్టిక గోడ మీద అతికించాలి: 20 శాతానికి 77.8, 22కి 79.8, 25కి 83. అప్పుడు తరుగు బేరం కాకుండా లెక్క అవుతుంది. మిల్లు గేటు దగ్గర తేమ కొలిచే మనిషి కేంద్రం అంకె చూడకముందే తన అంకె రాయాలి. ఇవి జిల్లా స్థాయిలోనే మొదలుపెట్టగలిగినవి.

ఆరబెట్టే యంత్రాలు, కల్లాలు, బరకాలు వేరే లెక్క, వాటికి బడ్జెట్ కావాలి. 17 శాతం గీత ఇంకా వేరు, అది కేంద్ర ప్రభుత్వం చేతిలో ఉంది. 22 శాతం ధాన్యాన్ని గడిలో నిజాయితీగా రాయనిచ్చినంత మాత్రాన మద్దతు ధరకి కొనే అధికారం రాదు, ఆరబెట్టి తెచ్చాకే కొనాలి. సడలింపు కోరితే వచ్చే అవకాశం ఉంది. 2022 అక్టోబరులో వానలకి తడిసిన కావేరి డెల్టా ధాన్యం కోసం తమిళనాడు అడిగితే కేంద్రం 19 శాతం దాకా అనుమతించింది. ఇక్కడొక చిక్కు చూడండి. సడలింపు అడగాలంటే మన ధాన్యం నిజంగా ఎంత తేమతో వస్తోందో అంకెలు చూపించాలి. మన రిజిస్టర్లన్నీ 17 అంటున్నాయి. తప్పుడు అంకె రైతుని ఆ పూటకి గట్టెక్కించి, వచ్చే ఏటి సడలింపుకి మన దగ్గరున్న సాక్ష్యాన్ని మింగేసింది.

అందుకే పేరా ఎవరికి పంపుతున్నామన్నది మూలకారణంలో భాగం. కేంద్రం స్థాయి తనిఖీ రిపోర్టులో రాస్తే టెక్నికల్ అసిస్టెంటే జవాబు రాయాలి. అతను మార్చగలిగింది తన చేతిరాత ఒక్కటే. యాభై కేంద్రాల్లో ఒకే పేరా వచ్చినప్పుడు యాభై పేరాలు రాయకూడదు. అన్నిటినీ ఒకటిగా కట్టి, ఫారం మార్చగలిగిన బల్ల మీద పెట్టాలి.

ఇక పనిచేసిందని తెలిసేదెలా? సర్క్యులర్ వచ్చిందా, శిక్షణ జరిగిందా అని చూస్తే తెలియదు. కారణం సరైనదైతే ముందే ఒక జోస్యం చెప్పగలగాలి. నా జోస్యం ఇది: రెండు గడులు పెట్టిన మొదటి సార్వాలో 17 దాటిన రీడింగుల సంఖ్య ఒక్కసారిగా పెరుగుతుంది. లోపం పెరిగిందని పైవాళ్లు కంగారుపడతారు. అది లోపం పెరగడం కాదు, బయటపడడం. కేంద్రం అంకెకీ మిల్లు అంకెకీ మధ్య తేడా మొదటిసారిగా కనబడుతుంది, సీజను నడిచేకొద్దీ తగ్గుతుంది. కొత్త గడులు పెట్టాక కూడా రెండిట్లోనూ 17 పక్కన అంకెలే పేర్చి ఉంటే, నా కారణం తప్పు, లేదా ఆ కేంద్రంలో ఉన్నది రెండో వేరు. పేరా డ్రాప్ చేయాల్సింది ఒక పూర్తి సార్వా గడిచి, ఈ అంకెలు చూశాకే, జవాబు అందిన రోజున కాదు.

ఈ పద్ధతి ఎక్కడ ఆగుతుంది

రెండు హెచ్చరికలు చేసి ముగిస్తాను. మొదటిది, వ్యవస్థలో కారణం దొరికినంత మాత్రాన మనుషులందరూ నిర్దోషులు అయిపోరు. 79.8 దాకా నీళ్ల లెక్క. ఆపైన తీసుకున్న ప్రతి కిలోకీ ఒక మనిషి ఉన్నాడు. మూలకారణ విశ్లేషణ ఆ గీత ఎక్కడుందో చూపిస్తుంది, గీత దాటినవాడిని మాఫీ చేయదు.

రెండోది, చేప ముల్లు పటం గురించి. కవోరు ఇషికావా పేరుతో ప్రసిద్ధమైన ఆ పటం ఇప్పుడు ప్రతి శిక్షణలోనూ గీయిస్తున్నారు: మనుషులు, యంత్రాలు, పద్ధతులు, సరుకు అంటూ ముళ్లు. కారణాలు మరిచిపోకుండా ఉండడానికి అది బాగానే ఉంటుంది. అయితే అది అనుమానాల జాబితా, రుజువుల జాబితా కాదు. మన కేసులో గీస్తే మీటరు సరిచూడలేదు, సిబ్బంది తక్కువ, రద్దీ ఎక్కువ అని ఇరవై ముళ్లు తేలతాయి, ఇరవైకీ ఇరవై సిఫార్సులు పుడతాయి. ప్రతి ముల్లునీ దాళ్వా రిజిస్టరు పక్కన పెట్టి చూడండి. మీటరు తప్పైతే ఏప్రిల్లోనూ తప్పే చూపాలి. సిబ్బంది కొరతే కారణమైతే దాళ్వా రద్దీలోనూ రీడింగులు చెడాలి. అలా చూస్తే ఇరవైలో రెండో మూడో మిగులుతాయి. సిఫార్సులు వాటికే రాయాలి.

ఆడిట్ మిత్రులకి నా విన్నపం ఒక్కటే. ఈ ఏడు మీ దగ్గరున్న పాత పేరాల్లోంచి మూడు సీజన్లుగా తిరిగి వస్తున్నదాన్ని ఒక్కటి తీయండి. కారణం అన్న చోట నిర్లక్ష్యం అని రాసి ఉంటే కొట్టేసి, ఆ లోపం ఏ నెలలో, ఏ కేంద్రంలో కనబడలేదో అక్కడ రాయండి. ఆ ఒక్క వాక్యం రాయడానికి మీరు సేకరించాల్సిన సమాచారమే మిమ్మల్ని కారణం దగ్గరికి తీసుకెళ్తుంది.